నిద్ర పట్టని రాత్రి, తొమ్మిదింటి పరీక్ష

ప్రియదర్శిని నిద్రపోవాలని ఆ ఇంట్ల చేసిన లొల్లి అంతా ఇంతా కాదు. పరీక్ష ఆదివారం పొద్దుగాల తొమ్మిదింటికి. సర్కారు దవాఖానల ఫార్మసిస్టు పోస్టు. శనివారం పొద్దు గూకకముందే తల్లి తారాబాయి టీవీ బంద్ పెట్టింది. తండ్రి పెంటయ్యను దగ్గొద్దన్నది. ఆయనకు ఏండ్ల సంది దమ్ము ఉన్నది, దగ్గొద్దంటే ఎట్ల ఆగుతది? పాపం, ఆ పెద్దమనిషి తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకొని వాకిట్లకు పోయి దగ్గి వచ్చిండు. పక్కింటోళ్ల బోరు మోటరు సుత రాత్రికి వెయ్యొద్దని చెప్పి వచ్చింది తారాబాయి. వాళ్లు సరే అన్నరు గని, ఒక్క పిల్ల పండుకోవాలంటే వాడ మొత్తం నీళ్లు బంద్ చేసుకోవాల్నా అని వెనుక నవ్వుకున్నరు.

అన్న జగదీశ్ ఇంకో అడుగు ముందుకేసిండు. అతను ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతడు, రాత్రి డ్యూటీ. వాళ్ల ఇల్లు శంషాబాద్ అవతల, సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంటది. ఒక్కోటి నెత్తి మీద నుంచి పోతుంటే గూట్లె గిన్నెలు గల్లుగల్లుమంటయి. పోయినసారి పరీక్ష పోయింది ఈ విమానాల వల్లనే అని జగదీశ్ గట్టి నమ్మకం. అందుకని ఈసారి ఇంట్ల ముందుగాల చెప్పకుండనే హైవే మీద తనకు తెలిసిన హోటల్ల చెల్లెకు ఒక రాత్రికి రూము మాట్లాడిండు. రెండు పొరల అద్దాల కిటికీ, ఏసీ, లోపలికి చీమ చిటుక్కుమన్న చప్పుడు సుత రాదట. విమానం ఎక్కే పెద్ద పెద్దోళ్లే గిండ్ల పండుకుంటరు, నువ్వు సుత హాయిగ పండుకో అన్నడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. పోయినసారి విమానాల చప్పుడుకు నిద్ర పట్టలేదని ఇంట్ల చెప్పింది ప్రియనే. అది అబద్ధం. మరీ పచ్చి అబద్ధం కాదు గని, అబద్ధమే. మూడేండ్ల కింద ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టని మాట నిజం. పదకొండింటికి ఫోన్ల టైము చూసింది, ఇంకా ఏడు గంటలు ఉన్నదనుకున్నది. ఒంటిగంటకు చూసింది, ఐదే ఉన్నదనుకున్నది. చూసినకొద్దీ గుండె దడదడ కొట్టుకున్నది. మూడింటికి ఇగ తట్టుకోలేక, తను పనిచేసే మెడికల్ షాపుల అమ్మే జలుబు గోలీ ఒకటి వేసుకున్నది. అది వేసుకుంటే మత్తుగ నిద్ర వస్తదని ఆమెకు తెలుసు. వచ్చింది సుత. గని ఆ మత్తు పొద్దుగాల దిగలేదు. పరీక్ష హాల్ల కంప్యూటర్ ముందు కూసుంటే తలకాయల తడి దూది కుక్కినట్టు ఉండె. చదివిన ప్రశ్ననే మూడుసార్లు చదివింది. మూడు మార్కులతోని పోస్టు పోయింది. ఫార్మసీ చదివిన పిల్ల, పది మందికి గోలీలు ఎట్ల వాడాలో చెప్పే పిల్ల, తనే మూడింటికి మత్తు గోలీ మింగి తొమ్మిదింటికి పరీక్షకు పోయింది. సిగ్గు కాదా? ఎవ్వరికీ చెప్పుకోలేదు. విమానాల మీదికి నెట్టేసింది. అవి ఎట్లా నోరు తెరిచి కాదనవు.

గట్ల ఆ అబద్ధమే ఇప్పుడు హోటల్ రూమై కూసున్నది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలె. అన్న ముఖం చూస్తే ఆమెకు నోరు రాలేదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి బ్యాగు పట్టుకొని హోటల్‌కు పోయింది.

రూము మంచిగనే ఉన్నది, కాదనలేము. తెల్లటి దుప్పటి, బుగ్గ మెత్తగ మునిగిపోయే దిండు. పదింటికి లైటు తీసి పండుకున్నది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. చిన్నప్పటి సంది విమానాల కింద పండుకున్న పిల్ల. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు ఆమె రెండో తరగతి. పది నిమిషాలకు ఒక్కటి గుర్రుమని పోతేనే ఆమె ఒంటికి రాత్రి అయినట్టు లెక్క. పై నుంచి బాపు దగ్గు, తిరిగి తిరిగి కిర్రుమనే పాత ఫ్యాను, అమ్మ గురక. ఇక్కడ ఏదీ లేదు. మరీ అంత నిశ్శబ్దమైతే మనిషి చెవులు నిక్కబొడుచుకుంటయి. లిఫ్టు ఆగిన చప్పుడు, ఎవరో చెప్పులు ఈడ్చుకుంట పోయిన చప్పుడు, ఏసీల ఏదో నీటిచుక్క. కొత్త జాగల మొదటి రాత్రి ఎవ్వరికైనా నిద్ర పల్చగనే ఉంటది, సగం మెదడు కాపలా కాస్తనే ఉంటది. ఈ సంగతి తెలిసిన ప్రియకు నవ్వు వచ్చింది. అన్న నిద్ర కొనిస్తననుకొని కాపలా డ్యూటీ వేయించిండు.

నవ్వు ఎంతసేపు ఉంటది? ఫోను టింగుమన్నది. జగదీశ్. పండుకున్నవా చెల్లె అని మెసేజి. అవునన్నా అని కొట్టింది. అరగంటకు మళ్లా టింగు. ఇంకా పండుకోలేదా, జవాబిచ్చినవు అని. ఇంక ఏం చెప్తరు ఇట్లాంటోనికి? ఆరా తీస్తే తెలిసింది, అయ్యగారు ఆ రాత్రి ట్రిప్పులు మానేసి, హోటల్ కింద పార్కింగుల కార్లనే కూసున్నడట. చెల్లెకు ఏమన్న అవసరం పడితే ఉండాలెనట. అంతకుముందు రాత్రంతా సుత డ్యూటీ చేసిండు. ఇంటికి పోయి పండుకో అన్నా అని ప్రియ ఫోన్ చేసి బతిమిలాడింది. నా గురించి నీకెందుకు, నువ్వు కండ్లు మూసుకో అన్నడు.

ఒక పని చేసింది ఆమె. రూముల ఉన్న ఫోను ఎత్తి కింద కౌంటర్ల రాత్రి డ్యూటీ మల్లేశ్వర్‌కు చెప్పింది, పావుతక్కువ ఆరుకు లేపమని, అప్పటిదాంక ఎంత చిన్న పనికీ ఫోన్ చేయొద్దని. తన ఫోను సైలెంట్‌ల పెట్టి బ్యాగుల అడుగున వేసింది. గోడ మీద గడియారం ఒకటి ఉండె, దాన్ని తీసి అల్మారీల పెట్టింది. ఇగ ఎంత టైమైందో ఆమెకు తెల్వది, తెలుసుకోవాలని సుత లేదు. పోయినసారి ఆమెను తిన్నది నిద్ర లేకపోవుడు కాదు, గంటలు లెక్కపెట్టుడు.

బ్యాగుల ఫోను పెడుతుంటెనే చేతికి ఏదో తగిలింది. చూస్తే గోలీల పట్టీ. జగదీశ్ చిట్టీ రాసి రబ్బరు వేసి పెట్టిండు, నిద్ర రాకపోతే ఒకటి వేసుకో అని. ఏ షాపుల అడిగి తెచ్చిండో గని అదే జలుబు గోలీ. సరిగ్గా అదే.

నిజం చెప్పాలంటే, చెయ్యి ఆగింది. అబద్ధమెందుకు? రాత్రి ఎంత గడిచిందో తెల్వది, నిద్ర వచ్చే సూచన లేదు, మూడేండ్లు కండ్లు కాయలు కాసేటట్టు చూస్తే వచ్చిన నోటిఫికేషన్. మళ్లా ఎప్పుడు వస్తదో ఎవ్వనికి ఎరుక? షాపు ఓనరు శంకరయ్యకు వయసైపోయింది, కొడుకు ఆ మడిగె అమ్మి ప్లాట్లు కొంటనంటున్నడు. ఈ పరీక్ష పోతే ఆమె మళ్లా ఎవరో ఒకని కౌంటర్ల నిలబడాలె. నిద్ర లేకుంటే తల పనిచేయదు, ఒక్కటేసుకుంటే ఏమైతది అని లోపలి నుంచి ఒక గొంతు. ప్రియకు ఆ గొంతు మంచిగ ఎరుకే. రోజూ షాపుకు వచ్చి, రాత్రి ఫ్లైటున్నది, నిద్ర గోలీ ఇయ్యి మేడమ్, డాక్టరు చీటీ లేదు అని అడిగేటోళ్లందరి గొంతు అదే. వాళ్లకు ఏం చెప్తదో అదే తనకు చెప్పుకున్నది. ఈ గోలీ మత్తు ఏడెనిమిది గంటలు ఉంటది, కొందరికి ఇంకా ఎక్కువ. ఎన్నడూ వేసుకోని గోలీ అయినా, వేసుకొని దెబ్బతిన్న గోలీ అయినా, ముఖ్యమైన పని ముందు రాత్రి ముట్టుకోవద్దు. పట్టీ తీస్కపోయి బాత్రూము చెత్త డబ్బాల వేసింది. చిట్టీని మాత్రం మడిచి పెట్టుకున్నది, అన్న రాత కదా.

మళ్లా పండుకున్నది. దొర్లింది. నిద్రా, రావే అని బలవంతం చేసినకొద్దీ అది ఇంకా దూరం పోతది. ఒళ్లు మండుకొచ్చేసరికి లేచింది. మంచం మీద పడి కుస్తీ పట్టుకుంట ఉండేకంటే లేచి కూసునుడు నయం. బాత్రూము లైటు వేసి తలుపు ఓరగ పెట్టి, ఆ సన్నటి వెలుగుల కుర్చీల కూసున్నది. పుస్తకాలు బ్యాగుల ఉన్నయి. ఒక్కసారి మందుల మోతాదుల లెక్కలు చూద్దామని చెయ్యి గుంజింది. చూడలేదు. ఈ టైముల పుస్తకం తెరిస్తే తెలిసినవి కనవడవు, తెల్వనివే కండ్ల ముందు నిలబడతయి. టేబుల్ మీద ఒక అట్ట ఉండె, మంటలు లేస్తే ఏ దారిల పోవాలె, లిఫ్టు ఎక్కొద్దు, తడిగుడ్డ మూతికి పెట్టుకోండి అని. దాన్ని తీసి చదివింది. మళ్లా చదివింది. ఇంత చప్పటి రాత జన్మల చదవలేదు. ఎవరు రాసిండో గని వానికి దండం పెట్టాలె.

చదువుకుంటనే ఆలోచించింది. నిద్ర లేదు, సరే. నిద్ర లేకపోతే ఏమైతది? రేపు కండ్లు మంటలు లేస్తయి. మెల్లగ నడుస్తది బుర్ర. చిన్న చిన్న తప్పులు చేసే గుణం ఉంటది. అంతే కదా. ఆరు నెలలు తెల్లారగట్ల లేచి చదివింది ఒక్క రాత్రిల కారిపోయేది కాదు. షాపుల సుత నైటు డ్యూటీ చేసి, పొద్దుగాల మళ్లా పన్నెండింటిదాంక కౌంటర్ల నిలబడ్డ రోజులు ఎన్ని లేవు? ఏ ముసలమ్మకూ తప్పు గోలీ ఇయ్యలేదు. అప్పుడు భయం లేకుండె, అందుకే పని నడిచింది. మెల్లగ అయితే మెల్లగనే చేస్తం, ప్రతి లెక్కా రెండుసార్లు చూస్తం అనుకున్నది. అనుకున్నాక గుండెల నుంచి బరువు దిగింది. ఆ అట్టను మూడోసారి చదువుతుంటే లిఫ్టు ఎక్కొద్దు అన్న కాడ కండ్లు వాలినయి. అప్పుడు మంచం ఎక్కింది. నిద్ర వస్తే రాని, రాకుంటే ఊకె కండ్లు మూసుకొని ఒళ్లు సాపుకొని పడుంటనన్నది. అది సుత ఎంతో కొంత ఆరామే.

ఎప్పుడు పట్టిందో తెల్వది. మల్లేశ్వర్ ఫోన్ చేసి లేపేసరికి గాఢ నిద్రల ఉన్నది. రెండు గంటలా, మూడా? ఎన్నైతేంది. నిద్ర పట్టలేదనుకున్నోళ్లు వాళ్లు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే పండుకుంటరు. కండ్లు మంటలు లేస్తున్నయి, అనుకున్నట్టే. కిటికీ తెర పక్కకు జరిపి, వెలుతురుల కాసేపు నిలబడ్డది. చల్లనీళ్లతోని ముఖం కడుక్కున్నది. కిందికి పోయి రెండు ఇడ్లీలు, ఒక్క చాయ్. రెండోది పోస్తనంటే వద్దన్నది. ఎన్నడూ తాగనంత చాయ్ తాగితే చేతులు వణుకుతయి, మధ్యల బాత్రూముకు పోవాలె.

జగదీశ్ పార్కింగుల కారు తుడుస్తున్నడు. చెల్లెను చూడంగనే, పండుకున్నవా అని అడిగిండు. ఆమె అన్న ముఖం చూసింది. కండ్లు నెత్తురు గడ్డలు. డోరు తుడిచిన గుడ్డతోనే ముఖం తుడుచుకుంటున్నడు. తాళం డోరుకు పెట్టబోతే పక్కకు పోతున్నది. రెండు రాత్రులు కన్ను మూయలేదు ఆయన. పరీక్ష సెంటరు కందుకూరు దిక్కు, శ్రీశైలం రోడ్డు మీద ఒక ఇంజనీరింగు కాలేజీ. ఔటర్ రింగ్ ఎక్కాలె, తుక్కుగూడ కాడ దిగాలె. పొద్దుగాల ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో చెప్పే పని లేదు.

"అన్నా, తాళాలు ఇటియ్యి" అన్నది ప్రియ.

ఎందుకన్నడు. నువ్వు బండి నడపొద్దన్నది. పదేండ్ల సంది రాత్రులు నడుపుతున్న, నాకు చెప్తున్నవా అని ఆయన గరమైండు. గేటు ఎనిమిదిన్నరకు మూస్తరు, ఇప్పుడు కొట్లాట పెట్టకు, నడువు అన్నడు. గప్పుడు చెప్పింది ప్రియ, మూడేండ్ల సంది కడుపుల దాచుకున్నది మొత్తం. విమానాలు కాదన్నా, నేనే మూడింటికి గోలీ వేసుకున్న, ఆ మత్తుల పరీక్ష పోయింది, నీకు చెప్పడానికి సిగ్గైంది. నువ్వు రాత్రి బ్యాగుల పెట్టింది సుత అదే గోలీ. నేను వేసుకోలేదు. మూడు గంటలు పండుకున్ననో లేదో. మస్తుగ ఉన్న.

జగదీశ్ చేతిల గుడ్డను బానెట్ మీద పడేసిండు.  అంటే ఈ రూము, విమానాలు, ఇదంతా దండుగేనా అన్నడు. ఆమెకు ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది. నీ మనసు దండుగ కాదన్నా, అబద్ధం నాది అన్నది. మరి నువ్వు మూడు గంటల నిద్రతోని పరీక్ష రాయొచ్చు గని నేను బండి నడపొద్దా అని పట్టుకున్నడు. న్యాయమైన ప్రశ్ననే.

"నిద్ర లేకపోతే నేను ఒక ప్రశ్న తప్పు రాస్త అన్నా. రాసింది దిద్దుకోవచ్చు. నీ కన్ను ఒక్క రెప్పపాటు మూతపడితే ఏం దిద్దుకుంటం?"

ఆయన తాళాలు ఆమె చేతిల పెట్టిండు. ప్రియ జగదీశ్ దోస్తు పాండుకు ఫోన్ కొట్టింది. పాండు పొద్దుపూట మాత్రమే బండి నడుపుతడు, రాత్రి తొమ్మిదింటికే దుప్పటి కప్పుకునే రకం. అందరూ ముసలోడని ఎక్కిరిస్తరు ఆయన్ను. పావుగంటల కండ్లు తేటగ, తల దువ్వుకొని వచ్చిండు. జగదీశ్‌ను రూము తాళం ఇచ్చి పైకి తోలింది ప్రియ. పన్నెండింటిదాంక రూము మనదే, పోయి పండుకో, లేచిన అని నువ్వే ఫోన్ చేయాలె అన్నది.  మంచిగ రాయి అనుడు సుత మరిచి, ఆయన నిద్రకండ్లతోనే లిఫ్టు దిక్కు నడిచిండు.

కార్ల వెనుక సీటు మీద తల వాల్చి కండ్లు మూసుకున్నది. నిద్ర పట్టలేదు గని తుక్కుగూడ వచ్చేసరికి కొంచెం తేటగైంది. ఎనిమిదింటికి గేటు కాడ దిగింది. మస్తు మంది పిల్లలు, సగం మంది కండ్లు ఉబ్బే ఉన్నయి. ఒక్కతే కాదు మరి, ఆ రాత్రి సగం జిల్లా నిద్రపోలేదు.

పరీక్షల మొదటి పది నిమిషాలు మెల్లగ నడిచింది. ప్రియ గాబరా పడలేదు. తెలిసినవి ముందు పెట్టుకుంట పోయింది, అనుమానం ఉన్నవి గుర్తు పెట్టి వదిలింది. మోతాదు లెక్క ఒకటి మొదటిసారి తప్పు వచ్చింది, మిల్లీగ్రాములను గ్రాములనుకున్నది. రెండుసార్లు చూద్దామని రాత్రే అనుకున్నది కదా, రెండోసారికి దొరికింది, దిద్దింది. పదిన్నర దగ్గర తల ఒక్కసారి బరువైంది. మౌసు వదిలిపెట్టి, వీపు నిటారుగ చేసి, నిమిషంసేపు నిండుగ ఊపిరి పీల్చుకున్నది. నీళ్లు తాగి మళ్లా మొదలుపెట్టింది. బయటికి వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయింది గని, తలకాయల దూది లేదు. ఏది రాసిందో, ఎందుకు రాసిందో అన్నీ యాది ఉన్నయి. ఫోను తెరిస్తే అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. అన్న నుంచి ఒక్కటి సుత లేదు, అంటే ఇంకా పండుకొనే ఉన్నడు. అప్పుడు మాత్రం ప్రియకు నిజంగ కండ్లల్ల నీళ్లు వచ్చినయి.

ఆ సాయంత్రం ఇంటికి పోతే, ఆరింటికే పండుకో అని తారాబాయి దుప్పటి పరిచింది. ప్రియ వద్దని, ఎప్పటిలెక్కనే పదింటిదాంక ఆగి పండుకున్నది. నెత్తి మీద నుంచి విమానాలు గుర్రుగుర్రుమని పోతుంటే పొద్దున ఆరుదాంక లేవలేదు.

లిస్టు వచ్చేసరికి చలికాలమైంది. ప్రియదర్శిని పేరు ఉన్నది. ఏరియా దవాఖానల పోస్టు, సోమవారం పొద్దుగాల జాయిన్ కావాలె. ఆ రోజు తెల్లారగట్ల నాలుగింటికి ఫోన్ మోగింది. ఉలిక్కిపడి లేచి చూస్తే జగదీశ్. 

ఏం కాలేదు చెల్లె అన్నడు ముందుగల్ల. ఎయిర్‌పోర్టు లైన్ల ఉన్నడట. వరంగల్ ట్రిప్పు వచ్చిందట, మంచి ట్రిప్పు, ఎవ్వరూ వదులుకోనిది. తాళం తిప్పుతుంటే కండ్లు మూతలు పడ్డయట. పక్కనోనికి ఇచ్చేసి బండి ఓరకు పెట్టిండట. ఎవరికన్న చెప్పాలనిపించి చేసిన అన్నడు. ఒక్క క్షణం ఆగి, గొంతు మారింది. అయ్యో, పొద్దుగాలనే కదా నీ జాయినింగు, బంగారం లాంటి నిద్ర చెడగొట్టిన, ఇప్పుడెట్ల అని పరేషాన్ అయిండు.

"ఏం కాదు అన్నా" అన్నది ప్రియ. "ఒక్క రాత్రే కదా. నువ్వు పండుకో."